24 పానా హెక్స్: లెక్క ప్రకారమే తిప్పినా ఎదురెదురు పలకలు ప్యారలల్ రావట్లేదు

పటమట_మిల్లింగ్
ఈఎన్8 రౌండు రాడ్డు, 28 మి.మీ. డయా. దాని చివర 24 పానాకి ఆరు పలకలు తీయాలి. వర్టికల్ మిల్లింగ్ మీద, డివైడింగ్ హెడ్ అడ్డంగా పెట్టి, ఎండ్ మిల్‌తో పైనుంచి కట్ చేస్తున్నాను. హెడ్ రేషియో 40. ప్లేటు 15, 16, 17, 18, 19, 20 హోల్స్ ఉన్నది. లెక్క 40/6, అంటే 6 చుట్లు, ఆపైన మూడింట రెండు వంతులు. అందుకని 18 హోల్స్ సర్కిల్‌లో 12 పెట్టాను. పలకకి 2 మి.మీ. చొప్పున దించాను.

అయిదు పీసులు అయ్యాయి. అయిదూ ఒకటే తేడా. ఎదురెదురు పలకల మీద వెర్నియర్ పెడితే ఒక అంచు దగ్గర 23.83, రెండో అంచు దగ్గర 24.18 చూపిస్తోంది. మూడు జతలూ అంతే. పానా ఒక వైపు నుంచి తేలిగ్గా వెళ్తోంది, తిప్పి పెడితే పట్టేస్తోంది. ఇంకా 35 పీసులు ఉన్నాయి, ఈ వారంలో ఇవ్వాలి. తేడా ఎక్కడ?

ఐటీఐ_టర్నర్_గుంటూరు
లెక్కలో తప్పేం లేదు. 40ని పలకల సంఖ్యతో భాగించు, మిగిలినదాన్ని ప్లేటులో ఉన్న సర్కిల్‌కి మార్చు, అంతే కదా. 12/18 కరెక్టే. కాబట్టి హెడ్డే అరిగిపోయి ఉంటుంది. వర్మ్‌లో లూజు ఎంత ఉందో చూడు. హ్యాండిల్ ముందుకీ వెనక్కీ కదిపితే ఎన్ని హోల్స్ ఖాళీగా తిరుగుతోంది?

పటమట_మిల్లింగ్
రెండు హోల్స్ వరకూ ఉంది.

ఐటీఐ_టర్నర్_గుంటూరు
అదే మరి. 18 సర్కిల్‌లో ఒక్కో హోల్‌కి జాబు అర డిగ్రీ తిరుగుతుంది. రెండు హోల్స్ లూజంటే ఒక డిగ్రీ. నీ తేడా అక్కడే వస్తోంది.

రోటరీ90
6 చుట్లు ఏంటి తమ్ముడూ? ఆరు పలకలకి సరిగ్గా 15 చుట్లు తిప్పాలి, హోల్స్ లెక్కే ఉండదు. మా దగ్గర ఎప్పుడూ అలాగే తీస్తాం.

వర్మ్‌వీల్
రోటరీ90 గారూ, మీది రోటరీ టేబుల్ కాబట్టి 90కి 1. అక్కడ 90ని 6తో భాగిస్తే 15 చుట్లు, నిజమే. ఆయన డివైడింగ్ హెడ్ 40కి 1 అని మొదటి పోస్టులోనే రాశాడు. రెండు లెక్కలూ కలపకూడదు.

పటమట, ఒక్కటి చెప్పు. 12 ఎలా లెక్కపెడుతున్నావు? పిన్ ఉన్న బెజ్జాన్ని లెక్కలోకి తీసుకుంటున్నావా, వదిలేస్తున్నావా? సెక్టార్ ఆర్మ్‌ల మధ్య ఎన్ని బెజ్జాలు కనబడుతున్నాయి?

పటమట_మిల్లింగ్
రెండు ఆర్మ్‌ల మధ్య 12 కనబడేట్టు పెట్టాను. పిన్ ఉన్నదానితో కలిపి 12.

వర్మ్‌వీల్
దొరికింది. నువ్వు తిప్పుతున్నది 12 కాదు, 11.

పిన్ ఉన్న బెజ్జం సున్నా. దాని పక్కది ఒకటి. పందిరి వేసేటప్పుడు పన్నెండు ఖాళీలు రావాలంటే పదమూడు గుంజలు పాతాలి. ఇదీ అంతే. ఆర్మ్‌ల మధ్య 13 బెజ్జాలు కనబడాలి, అందులో మొదటిది పిన్ కూర్చున్నది.

ఇప్పుడు నీ కొలతలతో సరిపోతుందో లేదో చూద్దాం. క్రాంక్ ఒక చుట్టు తిరిగితే జాబు 9 డిగ్రీలు తిరుగుతుంది.

```
కావలసింది : 6 + 12/18 చుట్లు × 9 = 60.0°
నువ్వు తిప్పింది : 6 + 11/18 చుట్లు × 9 = 59.5°
```

ప్రతి సారీ అర డిగ్రీ తగ్గుతోంది. మొదటి పలక నుంచి నాలుగో పలకకి మూడు సార్లు తిప్పుతావు, కాబట్టి 180 బదులు 178.5 వస్తుంది. అంటే ఎదురెదురు పలకలు ఒకదానికొకటి ఒకటిన్నర డిగ్రీ వాలి ఉంటాయి. 24 హెక్స్‌లో పలక వెడల్పు 13.86 మి.మీ. ఆ వెడల్పు మీద ఒకటిన్నర డిగ్రీ వాలు అంటే 0.36 మి.మీ. నీ 23.83కీ 24.18కీ తేడా 0.35. ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

చుట్టుగుంట_ఫిట్టర్
బాబాయ్ కరెక్టుగా పట్టేశాడు. ఇంకో పరీక్ష: బెవెల్ ప్రొట్రాక్టర్ ఉంటే మూలలు కొలువు. అయిదు మూలలు 120.5, ఆరోది ఒక్కటే 117.5 రావాలి. తగ్గిన అర డిగ్రీలన్నీ పోయి ఆఖరి మూలలో పడతాయి.

ఐటీఐ_టర్నర్_గుంటూరు
మరి వర్మ్ లూజు సంగతి? రెండు హోల్స్ ఖాళీ అంటే చిన్న విషయం కాదు.

వర్మ్‌వీల్
లూజు ఉంది, నిజమే. కానీ అది ఇలాంటి తేడా ఇవ్వదు. లూజు వల్ల వచ్చే తప్పు ఒక పీసులో ఒకలా, ఇంకో పీసులో ఇంకోలా ఉంటుంది. ఒక జత బాగుంటుంది, రెండోది పోతుంది. అయిదు పీసుల్లోనూ మూడు జతలూ ఒకే లెక్కన వాలాయంటే అది తిప్పడంలో ఉన్న తప్పే.

లూజు ఉన్నా పని జరుగుతుంది, రెండు నియమాలు తప్పకపోతే. ఎప్పుడూ ఒకే వైపు తిప్పాలి. బెజ్జం దాటిపోతే ఊరికే ఒక హోల్ వెనక్కి లాగి పిన్ వదలకూడదు. ఆ రెండు హోల్స్ లూజులో పిన్ వెనక్కి వస్తుంది గానీ జాబు కదలదు. సగం చుట్టు పైనే వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకు వస్తూ బెజ్జంలో పడేయాలి. రెండోది, కట్ పెట్టే ముందు స్పిండిల్ లాక్ బిగించాలి. బిగించకపోతే కట్టర్ తోపుకి జాబు ఆ లూజు మేర ఊగుతుంది. తిప్పే ముందు లాక్ వదలడం కూడా గుర్తుండాలి. లాక్ మీద బలవంతంగా క్రాంక్ తిప్పితే వర్మ్ వీల్ పళ్లు అరుగుతాయి, అప్పుడు రెండు హోల్స్ కాస్తా నాలుగవుతాయి.

ఐటీఐ_టర్నర్_గుంటూరు
అర్థమైంది. మూడు జతలూ ఒకేలా ఉన్నాయన్నది నేను గమనించలేదు.

మంగళగిరి_టూల్‌రూమ్
ఇంకో తేడా కూడా పట్టించుకోండి. వెర్నియర్ పలక అడ్డంగా జరిపితే మారుతోందా, పొడుగునా జరిపితే మారుతోందా? ఈయనకి అడ్డంగా, అంటే ఒక మూల నుంచి ఇంకో మూలకి మారుతోంది. అది తిప్పుడు తప్పు. రాడ్డు పొడుగునా చక్ వైపు ఒకటి, కొస వైపు ఒకటి వస్తే అది హెడ్ స్పిండిల్ టేబుల్‌కి లెవెల్‌గా లేకపోవడం, లేదా టెయిల్‌స్టాక్ ఎత్తు కలవకపోవడం. దానికి బెజ్జాలు ఎన్ని లెక్కపెట్టినా లాభం లేదు.

రోటరీ90
ఓ, 40 హెడ్డా. నేను పోస్టు సరిగా చదవలేదు. కానీ రేషియో 40 అని ఎవరు చెప్పారు? పేరు పలక లేని పాత హెడ్లు చాలా ఉంటాయి.

వర్మ్‌వీల్
మంచి ప్రశ్న. చక్ మీద ఒక సుద్ద గీత, బాడీ మీద ఎదురుగా ఇంకో గీత. క్రాంక్ తిప్పుతూ లెక్కపెట్టండి, గీతలు మళ్లీ కలిసేసరికి ఎన్ని చుట్లు అయ్యాయో అదే రేషియో. మొదలుపెట్టే ముందు లూజు లాగేయండి, లేకపోతే ఆఖర్న గీత కాస్త అటూ ఇటూ కనబడి అనుమానం వస్తుంది.

పటమట_మిల్లింగ్
తిప్పి చూశాను, 40 సరిగ్గా. ప్రొట్రాక్టర్‌తో మూలలు కూడా కొలిచాను. అయిదు మూలలు 120 దాటి అర డిగ్రీ, ఒకటి మాత్రం 117న్నర. చుట్టుగుంట అన్న చెప్పినట్టే.

ఇప్పుడు ఆర్మ్‌లు 13 బెజ్జాలకి తెరిచాను. కానీ ప్రతి సారీ ఆర్మ్ జరపడంలో మళ్లీ పొరపాటు చేస్తానేమో. 35 పీసులంటే 200 సార్లు పైన తిప్పాలి.

వర్మ్‌వీల్
హెక్స్‌కి ఆర్మ్ లేకపోయినా జరుగుతుంది. ఇది జాగ్రత్తగా చదువు.

మూడింట రెండు వంతులు అనేది మూడు సార్లు కలిపితే రెండు పూర్తి చుట్లు. అంటే పిన్ మూడు తిప్పులకి ఒకసారి మొదలుపెట్టిన బెజ్జానికే వచ్చేస్తుంది. మొత్తం పని మీద పిన్ వాడేవి మూడే మూడు బెజ్జాలు. మొదటిది సున్నా అనుకుంటే తర్వాత 12వది, ఆ తర్వాత 6వది, మళ్లీ సున్నా. మిగిలిన పదిహేను బెజ్జాలతో నీకు పనే లేదు.

ఆ మూడింటి పక్కన పెయింట్ చుక్క పెట్టు. సున్నాకి ఎరుపు, 12వదానికి పసుపు, 6వదానికి తెలుపు. ఎరుపు నుంచి పసుపు, పసుపు నుంచి తెలుపు, తెలుపు నుంచి మళ్లీ ఎరుపు. ప్రతి సారీ ఆరు పూర్తి చుట్లు తిప్పి, ఆపైన అదే దిక్కున ముందుకు పోయి రెండో చుక్క దగ్గర పిన్ వదలాలి. మొదట ఎదురయ్యే చుక్క దగ్గర కాదు, అది మూడో వంతు దూరంలోనే వస్తుంది. ఆ ఒక్క చోట జాగ్రత్త.

పిన్ చుక్క లేని బెజ్జంలో పడిందంటే అప్పుడే తెలిసిపోతుంది. నువ్వు 11 చొప్పున తిప్పినప్పుడు పిన్ సున్నా, 11, 4, 15, 8, 1 అలా ఆరు వేర్వేరు బెజ్జాల్లో పడింది. చుక్కలు ఉండి ఉంటే రెండో పలకకే ఆగిపోయేవాడివి, అయిదు పీసులు పోయేవి కావు.

చుట్టుగుంట_ఫిట్టర్
చుక్కలు బాగున్నాయి గానీ హెక్స్ కోసం అసలు క్రాంక్ ఎందుకు? స్పిండిల్ ముక్కు దగ్గర 24 హోల్స్ డైరెక్ట్ ప్లేటు ఉంటే వర్మ్ విడదీసి, చేత్తో తిప్పి, నాలుగు హోల్స్‌కి ఒకసారి పిన్ వేస్తే చాలు. 24/6 = 4. పీసుకి నిమిషాలు మిగులుతాయి. 40 పీసుల పనికి క్రాంక్ తిప్పుకుంటూ కూర్చోవడం చేతుల నొప్పికే.

వర్మ్‌వీల్
హెడ్డులో ఆ ప్లేటు ఉండి, వర్మ్ విడదీసే లివర్ ఉంటే చేయొచ్చు. నాకున్న అభ్యంతరం ఒక్కటే. క్రాంక్ ప్లేటులో బెజ్జం 0.1 మి.మీ. పక్కకి ఉన్నా ఆ తప్పు జాబు దగ్గరికి వచ్చేసరికి 40వ వంతు అవుతుంది, కనబడనే కనబడదు. డైరెక్ట్ ప్లేటులో అరిగిన బెజ్జం తప్పు ఉన్నదున్నట్టు జాబు మీదకి వస్తుంది.

చుట్టుగుంట_ఫిట్టర్
వస్తే ఎంత వస్తుంది బాబాయ్? ప్లేటు 50 రేడియస్ అనుకో, 0.1 తప్పు అంటే 0.11 డిగ్రీ. 24 పలక మీద అది 0.03 మి.మీ. కూడా కాదు. పానాకి దానితో ఏం పని? ఇది బోల్టు తల, గేరు కాదు.

వర్మ్‌వీల్
పానాకి సరిపోతుంది, ఒప్పుకుంటాను. పాత హెడ్లలో ఆ పిన్ బుష్ కూడా లూజై ఉంటుంది, అప్పుడు 0.1 కాస్తా 0.3 అవుతుంది. ముందు పిన్ వేసి చక్ పట్టుకుని ఊపి చూడమంటాను. ఊగకపోతే నీ పద్ధతే వేగం.

పటమట_మిల్లింగ్
నా హెడ్డులో డైరెక్ట్ ప్లేటు ఉంది, కానీ పిన్ స్ప్రింగ్ పోయింది. ప్రస్తుతానికి చుక్కలతోనే పోతాను.

ఆర్మ్‌లు కూడా వాడదామనుకుంటే వరస ఏంటి? పిన్ లాగాక జరపాలా, వేశాక జరపాలా?

మంగళగిరి_టూల్‌రూమ్
పిన్ కొత్త బెజ్జంలో కూర్చున్నాకే. వెనక ఆర్మ్ పిన్‌కి తగిలేదాకా సెక్టార్ మొత్తాన్ని తిప్పు. ముందు ఆర్మ్ దానంతట అదే వచ్చే బెజ్జం చూపిస్తుంది. కట్ అయ్యాక జరుపుదాంలే అని వదిలేస్తే, జరిపానో లేదో గుర్తుండదు. పిన్ పడిన వెంటనే జరపడం అలవాటు చేసుకో.

ఆర్మ్‌ల మధ్య స్క్రూ బిగిందో లేదో చూడు. పాత వాటిలో అది లూజై, చేయి తగిలితే ఆర్మ్ ఒక బెజ్జం తెరుచుకుంటుంది. అప్పుడు 13 చొప్పున తిప్పుతూ ఉంటావు, వాలు ఇటు కాకుండా అటు వస్తుంది.

రోటరీ90
పిన్ పక్క సర్కిల్‌లో పడినా ఇలాగే వస్తుందా? 17, 18, 19 పక్కపక్కనే ఉంటాయి కదా.

మంగళగిరి_టూల్‌రూమ్
వస్తుంది. 19 సర్కిల్‌లో 12 తిప్పితే ఒక్కో సారి 59.68 డిగ్రీలు. ఎదుటి పలకకి వచ్చేసరికి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది, 24 హెక్స్ మీద 0.23 మి.మీ. వాలు. 17లో 12 అయితే డిగ్రీ పైన ఎక్కువ, వాలు 0.26, రెండో దిక్కుకి. అందుకే వాలు ఎంతో కొలిస్తే ఏ తప్పో చాలావరకు చెప్పేయొచ్చు. క్రాంక్ చేతిని రేడియస్‌కి సరిచేశాక ఆ సర్కిల్ బెజ్జాలన్నీ ఒకసారి లెక్కపెట్టుకోవడం మంచిది. ప్లేటు మీద అంకె అరిగిపోయి 16ని 18గా చదివిన సందర్భాలూ ఉన్నాయి.

పటమట_మిల్లింగ్
ఇప్పుడు కట్ లేకుండా ఒక రౌండు తిప్పాను. 20 చుట్లకి ఎరుపు, 40 చుట్లకి మళ్లీ ఎరుపు. చక్ మీద సుద్ద గీత కూడా కలిసింది.

వర్మ్‌వీల్
అదే కావాలి. మొదటి పీసుకి ఇంకోటి చెయ్యి. ఆరు పలకలూ అయ్యాక ఆరోసారి కూడా తిప్పి, డెప్త్ కదపకుండా కట్టర్‌ని మొదటి పలక మీద పోనివ్వు. కట్టర్ పలకని రాసుకుంటూ వెళ్లాలి, కొత్తగా చిప్ రాకూడదు. ఒక అంచున చిప్ వచ్చిందంటే ఎక్కడో ఒక తిప్పు తప్పింది.

డెప్త్ సంగతి కూడా. పలక 24 అయితే మూల నుంచి మూలకి 24 × 1.1547, అంటే 27.71. నీ రాడ్డు 28 కాబట్టి మూలలు పదునుగా వస్తాయి. కానీ 2 మి.మీ. అని కళ్లు మూసుకుని దించకు. రాడ్డు 27.9 ఉంటే ఆ 0.1 తేడా పలకలకే పోతుంది. మొదటి పలక, నాలుగో పలక తీసి కొలిచి, ఆ మిగిలిన దాంట్లో సగం దించి, అప్పుడు మిగతావి.

జిన్నింగ్_మెకానిక్
నాది వేరే లెక్క. గుంటూరులో ఒక జిన్నింగ్ మిషన్ కవర్‌కి 7 బోల్టు హోల్స్ వేయాలి, పీసీడీ 120. నా హెడ్డు కూడా 40, ప్లేటు కూడా 15 నుంచి 20దే. 40/7 అంటే 5 చుట్లు, 5/7. ఏ సర్కిల్‌లోనూ 7తో పోయేది లేదు. 18 సర్కిల్‌లో 13 వేస్తే దగ్గర్లో ఉంది. వేసేయొచ్చా?

ఐటీఐ_టర్నర్_గుంటూరు
21 సర్కిల్ ఉన్న ప్లేటు తెచ్చుకోండి. 5 చుట్లు, 15 హోల్స్. అది రెండో నంబరు ప్లేటులో ఉంటుంది, 21, 23, 27, 29, 31, 33. లేదంటే మూడో ప్లేటులో 49 ఉంది, అక్కడ 35.

జిన్నింగ్_మెకానిక్
ఆ ప్లేటు ఉంటే అడిగేవాణ్ని కాదు అన్నా. కవర్ రేపటికి కావాలి, మిల్లు ఆగి ఉంది.

వర్మ్‌వీల్
కవర్ బోల్టులే అయితే, బోల్టుకి హోల్ కాస్త పెద్దదే అయితే, ఒక మార్గం ఉంది. కానీ 13 చొప్పున ఏడు సార్లూ తిప్పేయకు. 13/18 ప్రకారం తిప్పు 51.5 డిగ్రీలు, కావలసింది 51.43. ప్రతి సారీ పెరిగేది 0.07. ఆరు తిప్పులకి 0.43 అయి, ఆ మొత్తం ఆఖరి ఖాళీలో పడుతుంది. 60 రేడియస్ మీద అది 0.45 మి.మీ.

ఏడు తిప్పుల్లో ఆరు 13, ఒకటి 12 వేస్తే మొత్తం 90 హోల్స్, అంటే సరిగ్గా 5 చుట్లు. 35 పూర్తి చుట్లతో కలిపి 40, మొదటికి వచ్చేస్తావు. ఆ 12 ఆఖర్న కాకుండా మధ్యలో వేయాలి. వరస ఇది: 13, 13, 13, 12, 13, 13, 13. ప్రతి తిప్పుకీ ముందు 5 పూర్తి చుట్లు మామూలే. ఇలా చేస్తే ఏ హోలూ అసలు చోటు నుంచి 0.22 మి.మీ. కంటే ఎక్కువ జరగదు.

దీన్ని గేరుకీ, డాగ్ క్లచ్‌కీ, ఇండెక్స్ డిస్క్‌కీ మాత్రం వాడొద్దు. అక్కడ ప్లేటు కావాల్సిందే.

జిన్నింగ్_మెకానిక్
హోల్ 13, బోల్టు 12. సరిపోతుంది అనుకుంటా. బాడీ వైపు హోల్స్ పాతవే ఉన్నాయి, అవి సమంగా ఉన్నాయో లేదో కొలిచి చెప్తాను.

చుట్టుగుంట_ఫిట్టర్
బాడీ హోల్స్ ఉంటే అసలు డివైడింగే వద్దు. కవర్ బాడీ మీద పెట్టి, ట్రాన్స్‌ఫర్ పంచ్ వేసి తీసేయ్. పాత హోల్స్ ఎలా ఉన్నా కవర్ దానికి కూర్చుంటుంది.

జిన్నింగ్_మెకానిక్
బాడీ హోల్స్‌లో ట్యాప్ వేసిన థ్రెడ్ ఉంది, పంచ్ సైజు దొరకాలి. రెండూ చూస్తా.

పటమట_మిల్లింగ్
మళ్లీ నా దగ్గరికి. చుక్కలతో మొదటి పీసు అయింది. మూడు జతలూ 23.98, 23.99, 23.98. రెండు అంచుల దగ్గరా అదే కొలత. ఆరో తిప్పుకి చిప్ రాలేదు, కట్టర్ చప్పుడు మాత్రం గీసినట్టు వినబడింది.

పాడైన అయిదు పీసులు పనికొస్తాయా? మెటీరియల్ పార్టీది.

వర్మ్‌వీల్
కాస్త పని. పలకలు ఇప్పుడు 0, 59.5, 119, 178.5, 238, 297.5 దగ్గర ఉన్నాయి. అసలు చోట్ల నుంచి వెనకబడింది వరసగా 0, 0.5, 1, 1.5, 2, 2.5. మొదటి పలక ఆధారంగా పెట్టి మళ్లీ కట్ చేస్తే ఆరోదానిలో రెండున్నర డిగ్రీల తప్పు తీయాలి, చాలా మెటల్ పోతుంది. బదులుగా మూడో పలకని ఆధారం చెయ్యి. అప్పుడు ఎటు చూసినా ఒకటిన్నర డిగ్రీలోపే.

ఎరుపు బెజ్జంలో పిన్ వేసి స్పిండిల్ లాక్ బిగించు. చక్ వదులు చేసి, మూడో పలక పైకి వచ్చేలా జాబు చేత్తో తిప్పు. డయల్ ఆ పలక మీద అడ్డంగా జరిపితే సూది కదలనంత ఫ్లాట్ అయ్యాక చక్ బిగించు. బిగించాక మళ్లీ ఒకసారి డయల్ చూడు, బిగించేటప్పుడు జాబు తిరుగుతుంది. అక్కడి నుంచి చుక్కల ప్రకారం ఆరు పలకలూ 0.2 చొప్పున దించు. ఒకటిన్నర డిగ్రీ వాలిన పలక అంచు దగ్గర ఉన్న పల్లం 0.18, కాబట్టి 0.2కి అన్నీ శుభ్రమవుతాయి. పలక 23.6 వస్తుంది.

మంగళగిరి_టూల్‌రూమ్
23.6 అంటే జాగ్రత్త. ఐఎస్ఓ 4014లో ఎం16 తలకి ఏ గ్రేడ్ కనీసం 23.67. దానికి తక్కువ. బీ గ్రేడ్ అయితే 23.16 వరకూ ఒప్పు. ఎం24 వరకూ మామూలుగా ఏ గ్రేడే చూస్తారు.

వర్మ్‌వీల్
అది కొనుక్కునే హెక్స్ బోల్టు కొలత. ఆయనది రాడ్డు చివర తీసిన హెక్స్, డ్రాయింగులో ఏముందో దాన్ని బట్టి. 24 పానా 23.6 మీద బాగానే పడుతుంది.

మంగళగిరి_టూల్‌రూమ్
పడుతుంది. కానీ ఎక్కువ టార్క్ పెట్టే చోటయితే మూలలు తొందరగా గుండ్రం అవుతాయి. డ్రాయింగులో టాలరెన్స్ రాయకపోతే పార్టీని అడగకుండా పంపొద్దంటాను.

పటమట_మిల్లింగ్
డ్రాయింగులో 24 అని మాత్రమే ఉంది, టాలరెన్స్ లేదు. ఒక పీసు మూడో పలక ఆధారంగా తీసి, పార్టీకి చూపించి అడుగుతాను. మిగతా 34 చుక్కలతో నడుస్తున్నాయి.

రోటరీ90
నా 90 టేబుల్ మీద 7 భాగాలకి ఎంత వస్తుంది? 12 చుట్లు, 6/7. మళ్లీ 21 సర్కిలే కావాలి కదా?

వర్మ్‌వీల్
21లో 18 హోల్స్. లేదా 28 ఉంటే 24. ఆర్మ్‌ల మధ్య కనబడాల్సింది 19, లేదా 25.